ఉప్పల్ మ్యాచ్‌కి రీసేల్ టికెట్లు: డబ్బు కట్టేముందు సైటును పరీక్షించడం ఎలా

ప్రశ్న: ఉప్పల్లో ఐపీఎల్ మ్యాచ్‌కి టికెట్లు పది నిమిషాల్లో అయిపోయాయి. రీసేల్ అని ఒక సైటులో నాలుగు సీట్లు ఒక్కోటి 4,500కి కనిపిస్తున్నాయి. సైటు చూడ్డానికి నీట్‌గానే ఉంది, తాళం గుర్తు కూడా ఉంది. డల్లాస్‌లో ఉన్న మా అక్క కాన్సర్ట్ టికెట్లు ఇలాంటి సైట్లలోనే కొంటుందట, ఎప్పుడూ ఏం కాలేదంటోంది. కట్టకముందే అసలుదో మోసమో తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు:

తొమ్మిదేళ్లు ఈవెంట్ల గేటు దగ్గర టికెట్ స్కానింగ్ చూసుకున్నాను. క్రికెట్ మ్యాచ్‌లూ చేశాం, పాటల కచేరీలూ చేశాం. చేతిలో స్కానర్ పచ్చగా వెలిగితే లోపలికి, ఎర్రగా వెలిగితే పక్కకి. ఎర్ర తెర మీద ఎక్కువసార్లు కనిపించేది ఒకటే మాట: ఈ టికెట్ ఇప్పటికే వాడేశారు. దాని కిందే ఏ గేటులో, ఎన్ని గంటలకు అన్నది కూడా ఉంటుంది.

ఒక సాయంత్రం మ్యాచ్ మొదలవడానికి ముప్పావు గంట ముందు ఒకాయన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. పిల్లల బుగ్గల మీద నారింజ రంగు, చేతుల్లో జెండాలు. మూడు టికెట్లూ ఎర్రగా వెలిగాయి. 5:58కి ఇదే గేటులో ఆ మూడు కోడ్‌లతో ముగ్గురు లోపలికెళ్లిపోయారని తెర చెబుతోంది. ఆయన ఫోన్ తిప్పి చూపిస్తున్నారు, బుకింగ్ నంబరు ఉంది, సీటు నంబరు ఉంది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నిజానికి ఆ టికెట్లు నకిలీవి కావు. అసలు టికెట్లే. అమ్మినవాడు అవే క్యూఆర్ బొమ్మల్ని నలుగురైదుగురికి వాట్సాప్ చేశాడు, ముందొచ్చినవాళ్లు లోపలికి పోయారు. చిన్నపిల్ల "నాన్నా, మన మిషన్ పాడైందా?" అని అడిగింది. మా దగ్గర ఆ పిల్లకి చెప్పే జవాబు లేదు.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, మీరు "సైటు అసలుదా, మోసమా" అని అడుగుతున్నారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది: ఆ టికెట్ అమ్మినవాడి చేతిలోంచి పూర్తిగా వదిలి, మీ ఒక్కరి చేతికే వచ్చే దారి ఉందా? ఆ దారి లేకపోతే సైటు ఎంత నిజమైన కంపెనీది అయినా మీరు గేటు దగ్గర ఆగిపోవచ్చు. మీ అక్కకి అక్కడ ఏమీ కాకపోవడానికీ, మీకు ఇక్కడ అయ్యే అవకాశం ఉండడానికీ అసలు తేడా అక్కడే ఉంది.

రీసేల్ అని చెప్పుకునే సైట్లు మూడు రకాలు. మొదటిది, మొదట టికెట్ అమ్మిన కంపెనీయే తన యాప్‌లో నడిపే రీసేల్. ఇందులో అమ్మినవాడి కోడ్ రద్దయి, మీ పేరు మీద కొత్త కోడ్ పుడుతుంది. రెండోది, నిజంగానే ఉన్న పెద్ద కంపెనీ నడిపే సంతలాంటిది. అమ్మేవాడు ఎవరో, కొనేవాడు ఎవరో, మధ్యలో వీళ్లు. నిర్వాహకులతో వీళ్లకి ఏ ఒప్పందమూ ఉండకపోవచ్చు. మూడోది, మొన్న పుట్టి వచ్చే నెలలో మాయమయ్యే దొంగ సైటు. మూడోదాని గురించి అందరూ హెచ్చరిస్తారు. రెండోదాన్ని మాత్రం "పెద్ద పేరు కదా" అని నమ్మి దెబ్బతింటారు.

కోల్డ్‌ప్లే టికెట్లప్పుడు జరిగింది ఇదే. 2025 జనవరిలో నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో కచేరీ. 2024 సెప్టెంబరు 22న బుక్‌మైషోలో అమ్మకం పెట్టారు. మామూలు టికెట్ల ధర 2,500 నుంచి 35,000 రూపాయల దాకా. అమ్మకం ముగిసిన కాసేపటికే వయాగోగో లాంటి విదేశీ రీసేల్ సైట్లలో అవే సీట్లు లక్షల్లో కనిపించాయి. వయాగోగో దొంగ సైటు కాదు, అంతర్జాతీయంగా పెద్ద కంపెనీయే. అమెరికాలో పెద్ద రీసేల్ సైటైన స్టబ్‌హబ్‌ని 2020లో కొన్నది కూడా వాళ్లే. కానీ బుక్‌మైషో తమకి వయాగోగోతో గానీ, అలాంటిదే ఇంకో రీసేల్ సైటు గిగ్స్‌బర్గ్‌తో గానీ ఏ సంబంధమూ లేదని ప్రకటించి, పోలీసులకు ఫిర్యాదు కూడా చేసింది. అక్టోబరులో ఈడీ కోల్డ్‌ప్లే, దిల్జిత్ దోసాంజ్ కచేరీల టికెట్ల అక్రమ అమ్మకాల మీద ఐదు రాష్ట్రాల్లో సోదాలు చేసింది. అంటే ఆ సైటులో కొన్నవాళ్లు దొంగకి డబ్బు కట్టినట్టేం కాదు. అయినా ఆ టికెట్ చెల్లుతుందని గ్యారంటీ ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వలేదు.

ఐపీఎల్ సంగతికి వద్దాం. మన దగ్గర మ్యాచ్ టికెట్లు ఏ యాప్‌లో అమ్మాలన్నది ఆయా జట్టు నిర్ణయిస్తుంది. కొన్ని జట్లు బుక్‌మైషోకి ఇస్తాయి, కొన్ని డిస్ట్రిక్ట్‌కి ఇస్తాయి, సీజన్‌ని బట్టి మారుతుంది. టికెట్ నిబంధనల్లో మళ్లీ అమ్మకూడదనీ, అమ్మినట్టు తెలిస్తే రద్దు చేయవచ్చనీ మామూలుగా రాసి ఉంటుంది. ఎవరూ చదవరు, నేనూ గేటు పనిలో చేరాకే చదివాను. కాబట్టి ఉప్పల్ మ్యాచ్‌కి "రీసేల్ టికెట్లు" అన్న సైటు కనిపించగానే మీ మనసులో మొదట రావాల్సిన మాట: ఈ అమ్మకానికి అనుమతి ఇచ్చిందెవరు?

దీన్ని తేల్చుకునే పద్ధతి చాలా సులువు, కానీ జనం తిరగేసి చేస్తారు. సైటులో జట్టు లోగో చూసి, "అధికారిక భాగస్వామి" అన్న ముద్ర చూసి, సైటు నుంచి జట్టు దాకా వెళ్తారు. జట్టు నుంచి సైటు దాకా రావాలి. జట్టు సొంత వెబ్‌సైటు గానీ, నీలం టిక్కుతోపాటు ఏళ్లనాటి పోస్టులున్న వాళ్ల సోషల్ మీడియా ఖాతా గానీ మీరే తెరిచి, అందులో టికెట్ల లింకు నొక్కండి. అది తీసుకెళ్లిన చోటే అధికారిక అమ్మకం. రీసేల్ ఉంటే అదీ అక్కడే ఉంటుంది. మీరు చూస్తున్న సైటు ఆ దారిలో తగలకపోతే మిగతా పరీక్షలన్నీ అది ఎంత దొంగదో తేల్చుకోవడానికే తప్ప, అసలుదని నిరూపించడానికి పనికిరావు. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనగా వచ్చే లింకుని ఈ పనికి వాడకండి. డబ్బు కడితే ఎవరైనా అక్కడ కూర్చోవచ్చు.

ఇప్పుడు ఒక నిజమైన కేసు చెప్తాను. 2025 ఏప్రిల్ 23న ఉప్పల్లో సన్‌రైజర్స్‌కీ ముంబై ఇండియన్స్‌కీ మ్యాచ్. దానికి వారం ముందు మా ఎదురింటి కుర్రాడు, బీటెక్ మూడో ఏడు, "అన్నా, టికెట్లు దొరికాయి" అని లింకు పంపాడు. అప్పటికే రెండు టికెట్లకి 9,000 కట్టేశాడు. మిగతా రెండు కూడా తీసుకుందామా అని అడగడానికి పంపాడన్నమాట. సైటు పేరు మార్చి, ఆ వరస మాత్రం అలాగే ఉంచి రాస్తున్నా:

```
https://district.in.uppal-tickets.example/resale/srh-mi
```

కుర్రాడు మొదట్లో `district.in` అని చూసి ధైర్యపడ్డాడు. ఇలాంటి చిరునామా చదవాల్సింది ఎడమ నుంచి కాదు. `https://` తర్వాత మొదటిసారి వచ్చే ఏటవాలు గీత ఎక్కడుందో చూడండి. అక్కడి నుంచి వెనక్కి, చుక్కల మధ్య రెండు ముక్కలు చదవండి. ఇక్కడ అది `uppal-tickets.example`. ఆ పేరు కొనుక్కున్నవాడే సైటు యజమాని. దానికి ముందు ఎడమవైపున్న `district.in` అతను తన ఇంటి గోడ మీద రాసుకున్న పేరులాంటిది, ఏదైనా రాసుకోవచ్చు. చివర్లో `.co.in` లాంటిది ఉంటే మూడు ముక్కలు చదవాలి, అంతే తేడా. ఫోన్‌లో చిరునామా సగమే కనిపిస్తుంది కాబట్టి దాని మీద నొక్కి పూర్తిగా తెరిచి చదవాలి. ఈ మోసాలు ఎక్కువగా ఫోన్లలో పారడానికి అదే కారణం.

తర్వాత ఆ డొమైన్ ఎప్పుడు పుట్టిందో చూశాం. `.com` లాంటి వాటికి `lookup.icann.org`, `.in` వాటికి `registry.in` తెరిచి డొమైన్ పేరు కొడితే చాలు, డబ్బు కట్టక్కర్లేదు. వచ్చిన దాంట్లో మనకి కావాల్సినవి రెండు లైన్లు:

```
Creation Date: 2025-03-11
Registry Expiry Date: 2026-03-11
```

ఆ సీజన్ మొదలైంది మార్చి 22న. అంటే సైటు పుట్టింది పదకొండు రోజుల ముందు, తీసుకున్నది ఒక్క ఏడాదికి. అదే సైటు అడుగున "2014 నుంచి క్రికెట్ అభిమానుల సేవలో" అని ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే కుర్రాడి మొహం మాడిపోయింది. అయితే తేదీ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. డిస్ట్రిక్ట్ యాప్ కూడా 2024 నవంబరులోనే వచ్చింది, కొత్తది కాబట్టి దొంగది అనలేం. దాని వెనక జొమాటో ఉందని, పేటీఎం టికెట్ల వ్యాపారాన్ని కొన్నారని ఊరంతా తెలుసు. తేదీ చూడాల్సింది సైటు తన గురించి చెప్పుకునే కథతో పొంతన ఉందా అని. అలాగే పాత డొమైన్ కూడా భరోసా కాదు. గడువు తీరిన పాత పేర్లని కొనుక్కుని వాటి మీద దుకాణం పెట్టేవాళ్లున్నారు.

తాళం గుర్తు గురించి అడిగారు కదా. మీ ఫోనుకీ ఆ సైటుకీ మధ్య వెళ్లే సమాచారం మధ్యలో ఎవరూ చదవలేరు అని మాత్రమే దానర్థం. అవతల కూర్చున్నది ఎవరో అది చెప్పదు. ఆ సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో వస్తుంది. దొంగ కూడా మన కార్డు నంబరు తనొక్కడికే అందాలనుకుంటాడు, అందుకని తాళం వేసుకునే ఉంటాడు.

ఆ తర్వాత చేసిన పరీక్ష నాకు బాగా ఇష్టమైనది. నిజమైన అమ్మకంలో ఒక సీటు ఒక్కటే ఉంటుంది. కుర్రాడి ఫోన్‌లో ఒక స్టాండులో నాలుగు సీట్లు కార్టులో పెట్టించి, డబ్బు కట్టే పేజీ దాకా తీసుకెళ్లి ఆపాం. అదే సమయంలో నా ఫోన్‌లో, వేరే నెట్‌వర్క్ మీద, అదే స్టాండు, అదే వరస, అవే సీట్లు ఎంచుకున్నాను. నిజమైన సైటు అయితే "ఈ సీట్లు వేరొకరు తీసుకుంటున్నారు" అని ఆపాలి. ఇది నన్ను కూడా చక్కగా డబ్బు కట్టే పేజీకి పంపింది. ఇంకా సందేహం ఉంటే ఇంకోటి చేయండి. హౌస్‌ఫుల్ అయిన మ్యాచ్‌కి ఒకే వరసలో పన్నెండు సీట్లు అడగండి. రీసేల్‌లో సీట్లు రెండు ఇక్కడ, మూడు అక్కడ అన్నట్టు చెల్లాచెదురుగా ఉంటాయి, ఎందుకంటే ఎవరో రాలేక అమ్ముకుంటున్నారు. అడిగినన్ని సీట్లు, అడిగిన స్టాండులో, వరసగా దొరికాయంటే ఆ సీట్లు ఏ మనిషివీ కావు. మా కేసులో పన్నెండూ దొరికాయి. పైన "మరో 4 సీట్లే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలు మాత్రం అలాగే వెలుగుతున్నాయి.

ఇంకా చిన్న విషయం ఒకటి. అధికారిక సీటింగ్ మ్యాపు తెరిచి, ఆ సైటు చూపించే బ్లాకు, వరస అందులో ఉన్నాయో లేదో పోల్చండి. మా కేసులో ఉన్న వరసే. కానీ గేటులో పనిచేసినప్పుడు స్టేడియంలోనే లేని బ్లాకు పేరుతో వచ్చిన టికెట్లని నేను చూశాను.

చివరికి డబ్బు కట్టే పేజీ. అన్నిటికంటే నిజం చెప్పేది అదే. కార్డు నొక్కితే "సర్వర్ బిజీగా ఉంది" అన్నది, నెట్‌బ్యాంకింగ్ నొక్కినా అంతే. యూపీఐ క్యూఆర్ ఒక్కటే పనిచేస్తోంది. దొంగకి కార్డు ఎందుకు వద్దంటే, కార్డు లావాదేవీని బ్యాంకు దగ్గర వివాదం చేసి వెనక్కి తెచ్చుకునే దారి ఉంది. పేమెంట్ గేట్‌వే కంపెనీలు వ్యాపారి పత్రాలు అడుగుతాయి. యూపీఐలో డబ్బు ఒకరి ఖాతా నుంచి ఇంకొకరి ఖాతాకి సెకన్లలో దాటిపోతుంది. కుర్రాడి యూపీఐ యాప్‌లో హిస్టరీ తీస్తే ఎవరో ఒకావిడ పేరు ఉంది. టికెట్ల కంపెనీ పేరు లేదు. ఇలాంటి ఖాతాలు చాలాసార్లు కమీషన్‌కి అద్దెకిచ్చినవి, ఆవిడకి ఆ సైటు సంగతే తెలియకపోవచ్చు. 2025 జూన్ చివరి నుంచి యూపీఐ యాపులు డబ్బు అందుకునేవాళ్ల పేరు బ్యాంకులో నమోదైనట్టుగానే చూపించాలన్న నియమం వచ్చింది. కాబట్టి ఇప్పుడు పిన్ కొట్టేముందు ఆ పేరు చదవడం ఇంకా పనికొస్తుంది. కంపెనీ పేరు ఉండాల్సిన చోట మనిషి పేరు కనిపిస్తే అక్కడే ఆపేయండి.

కుర్రాడు కట్టి అప్పటికి యాభై నిమిషాలయింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. ఈ నంబరు పనిచేసే తీరు తెలిస్తే జనం ఆలస్యం చేయరు. వాళ్లు మీ లావాదేవీ నంబరు తీసుకుని, డబ్బు చేరిన బ్యాంకుకి చెప్పి, అది ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే కదలకుండా ఆపిస్తారు. దొంగలు అందిన డబ్బుని నాలుగైదు ఖాతాలకి పంచి ఏటీఎంలో తీసేసుకుంటారు కాబట్టి ఆట అంతా గంటల మీద ఉంటుంది. ఫోన్ పట్టుకునేముందు యూపీఐ హిస్టరీలో 12 అంకెల లావాదేవీ నంబరు, సమయం, మొత్తం రాసి పెట్టుకోండి. తర్వాత `cybercrime.gov.in`లో కూడా ఫిర్యాదు నమోదు చేసి, సైటు స్క్రీన్‌షాట్లు పెట్టాలి. మావాడి 9,000లో 6,000 ఆగింది. అది చేతికి రావడానికి లోక్ అదాలత్ దాకా వెళ్లి, కొన్ని నెలలు పట్టింది. మిగతా మూడు వేలు పోయినట్టే.

ఆ మధ్యలో ఒక తమాషా జరిగింది. ఫిర్యాదు చేసిన రెండో రోజు "రిఫండ్ విభాగం" అని ఒకతను ఫోన్ చేశాడు. తెలుగు బాగానే మాట్లాడుతున్నాడు. డబ్బు వెనక్కి రావాలంటే ఒక క్యూఆర్ పంపిస్తాను, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టేది పోవడానికే. కుర్రాడికి అప్పటికి జ్ఞానం వచ్చింది, పెట్టేశాడు. ఒకసారి కట్టినవాళ్ల నంబర్లు ఈ ముఠాల దగ్గర ఉంటాయి, కాబట్టి రెండోసారి కూడా వస్తారని ఎదురుచూడాలి.

సైటు లేకుండా ఇన్‌స్టాగ్రామ్‌లోనో, టెలిగ్రామ్ గ్రూపులోనో "రాలేకపోతున్నా, రెండు టికెట్లు ఉన్నాయి" అనేవాళ్ల సంగతి. అందులో నిజంగా రాలేనివాళ్లు ఉంటారు. కానీ వాళ్లు పంపే స్క్రీన్‌షాట్ మీకు ఏ భరోసా కాదు, నేను మొదట్లో చెప్పిన నాన్నగారి దగ్గర ఉన్నది అదే. టికెట్ అమ్మిన యాప్‌లోనే ట్రాన్స్‌ఫర్ సదుపాయం ఉండి, అది వాళ్ల ఖాతాలోంచి మాయమై మీ నంబరుతో ఉన్న మీ ఖాతాలో కనిపిస్తే అప్పుడు అది మీది. ఆ సదుపాయం లేని మ్యాచ్‌కి బయటివాళ్ల దగ్గర కొనడమంటే, వాళ్ల మంచితనం మీద డబ్బు పెట్టడమే. తెలిసిన స్నేహితుడి దగ్గరైతే వేరే సంగతి. స్టేడియం బయట చేతికి అమ్మేవాళ్ల దగ్గరైతే ఇంకో తలనొప్పి కూడా ఉంది. బ్లాకులో అమ్మేవాళ్లని పోలీసులు అక్కడే పట్టుకుంటారు, టికెట్లు స్వాధీనం చేసుకుంటారు, మధ్యలో మీ సాయంత్రం పోతుంది.

ఇక మీ అక్క విషయం. ఆవిడ చెప్పేది అబద్ధం కాదు. అమెరికాలో రీసేల్ బహిరంగంగా జరిగే పెద్ద వ్యాపారం, టికెట్ కదిలే దారి కూడా ముందే కట్టి ఉంది. టికెట్‌మాస్టర్ యాప్‌లోనే `Verified Resale Ticket` అని గుర్తు వేసి అమ్మే సీట్లుంటాయి. కొంటే పాత కోడ్ చచ్చిపోయి కొత్తది పుడుతుంది. పైగా చాలా పెద్ద కచేరీల టికెట్లలో బార్‌కోడ్ పదిహేను సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది. కాబట్టి స్క్రీన్‌షాట్ పంపి "ఇదిగో టికెట్" అనే మోసం అక్కడ పారదు. స్టబ్‌హబ్, సీట్‌గీక్ లాంటివి నేను చెప్పిన రెండో రకం. టికెట్ రాకపోయినా, చెల్లకపోయినా డబ్బు వెనక్కిస్తామని, లేదా వేరే సీటు ఇస్తామని హామీ ఇస్తాయి. అమ్మినవాడికి డబ్బు వెంటనే ఇచ్చేయకపోవడం అందులో అసలు బలం.

కానీ ఆ హామీ టికెట్ డబ్బుకే. అక్క హ్యూస్టన్‌కో, అట్లాంటాకో ఫ్లైట్ వేసుకుని వెళ్లి గేటు దగ్గర ఆగిపోతే ఫ్లైటూ హోటలూ ఎవరూ ఇవ్వరు. ఇలా ఆగిపోవడానికి అక్కడ ఎక్కువగా కారణమయ్యేది చేతిలో లేని టికెట్‌ని ముందే అమ్మకానికి పెట్టడం. దళారి ముందు మీ దగ్గర 300 డాలర్లు తీసుకుని, తర్వాత ఎక్కడో 180కి దొరుకుతుందిలే అని ఎదురుచూస్తాడు. దొరక్కపోతే చివరి రోజు మీ ఆర్డర్ రద్దు. దీన్ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. అధికారిక అమ్మకం ఇంకా మొదలే కాని కచేరీకి సీట్లు కనిపిస్తున్నాయంటే అవి అలాంటివే. వరస నంబరు లేకుండా "ఈ జోన్‌లో ఎక్కడైనా" అని ఉన్నా, టికెట్ కచేరీ ముందు రోజు మాత్రమే పంపుతామన్నా అనుమానించాలి. కొన్నిసార్లు కచేరీ నిర్వాహకులే ట్రాన్స్‌ఫర్‌ని ఆలస్యంగా తెరుస్తారు, అప్పుడు చివరి రోజున రావడం మామూలే. అది అధికారిక పేజీలో రాసి ఉంటుంది, అక్కడ చూసి పోల్చుకోవాలి.

అక్కకి చెప్పాల్సింది ఇంకోటి. స్టేడియం పేరు, దాని పక్కన గీత పెట్టి `tickets` అని ఉండే సైట్లు అక్కడ కుప్పలుగా ఉంటాయి. స్టేడియం సొంత సైటులాగే కనిపిస్తాయి, నడిపేది మాత్రం దళారులు. 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి పేర్ల మీదే టికెట్‌నెట్‌వర్క్ అనే కంపెనీతోనూ దాని భాగస్వాములతోనూ కేసు నడిపి రాజీ చేసుకుంది. ఇవి దొంగ సైట్లు కాకపోవచ్చు, టికెట్ వస్తుంది కూడా. కానీ అసలు ధరకే సీట్లు మిగిలున్న కచేరీకి రెట్టింపు కట్టించుకుంటాయి. 2025 మే 12 నుంచి అక్కడ ఫీజులతో కలిపిన మొత్తం ధర మొదటే చూపించాలన్న నియమం అమలవుతోంది. చివరి పేజీలో ఇంకో నలభై డాలర్లు కలిపే సైటు ఆ నియమాన్నే పట్టించుకోవట్లేదని అర్థం చేసుకోవచ్చు. ఇక మన తెలుగువాళ్ల ఫేస్‌బుక్ గ్రూపుల్లో "జెల్ చేయండి, టికెట్ పంపుతా" అంటే, జెల్‌లో కొనుగోలుకి రక్షణ లేదు. అది మన యూపీఐలాగే, పంపింది పంపినట్టే. ముందు టికెట్‌మాస్టర్ ట్రాన్స్‌ఫర్ మెయిల్ రానివ్వమనండి, అది కూడా లింకు నొక్కి కాకుండా యాప్ తెరిచి చూసుకోమనండి.

ఇప్పుడు మీ నాలుగు సీట్ల సంగతి. మీరు లింకు పెట్టలేదు కాబట్టి ఆ సైటు గురించి నేను ఏమీ అనలేను, మీరే పది నిమిషాల్లో తేల్చుకోగలరు. ముందు జట్టు సైటు నుంచి బయల్దేరి ఆ రీసేల్ సైటు తగులుతుందేమో చూడండి. తగలకపోతే, ఇద్దరు రెండు ఫోన్లలో ఒకే సీట్లు కార్టులో పెట్టి చూడండి. అదీ దాటితే యూపీఐ క్యూఆర్ స్కాన్ చేసి, పిన్ కొట్టకుండా, వచ్చిన పేరు మాత్రం చదవండి.

ఆ సమయంలోనే అధికారిక యాప్ కూడా తెరిచి ఉంచండి. పది నిమిషాల్లో అయిపోయాయి అన్నారు, అందులో కొన్ని కార్టుల్లో ఇరుక్కున్నవి. డబ్బు కట్టడానికి ఇచ్చిన గడువులో కట్టనివాళ్ల సీట్లు వెనక్కి పడతాయి, కార్డు ఫెయిలైనవాళ్లవీ పడతాయి. స్పాన్సర్లకి, క్లబ్బులకి పక్కన పెట్టిన సీట్లలో మిగిలినవి మ్యాచ్‌కి రెండు మూడు రోజుల ముందు విడుదల చేయడం నేను చాలాసార్లు చూశాను. నాలుగు కలిసి దొరకాలని పట్టుబట్టకండి, రెండు రెండుగా వెతకండి. ఒకే స్టాండులో వేర్వేరు వరసల్లో వచ్చినా ఇన్నింగ్స్ మధ్యలో కలుసుకోవచ్చు. యాప్‌లో చిరునామా, కార్డు ముందే నింపి పెట్టుకోండి, ఆ సీట్లు కనిపించిన అర నిమిషంలో పోతాయి.